బైనరీ సెర్చ్ మొదటి పాఠం: నంబరు ఊహించే ఆటా, ట్రేస్ టేబులా?

నల్లగొండ, పాలమూరు వైపు డిగ్రీ కాలేజీల్లో, పాలిటెక్నిక్‌లలో బైనరీ సెర్చ్‌ను మొదటిసారి చెప్పేటప్పుడు రెండు దారులు కనిపిస్తయి. క్రమంలో ఉన్న జాబితాను ప్రతిసారీ సగానికి విరుస్తూ వెతకడమే బైనరీ సెర్చ్. కొందరు "1 నుంచి 100 లోపు ఒక నంబరు అనుకో" అని ఆటతో మొదలుపెడతరు. కొందరు నేరుగా బోర్డు మీద గడులు గీసి, వెతికే భాగం మొదలు lo, చివర hi, నడిమి చోటు mid అని రాసి, ఒక్కో అడుగులో వాటి విలువలు చూపే ట్రేస్ టేబుల్ నింపిస్తరు. ఎనిమిదో తరగతి పిల్లలకు సంగతేందో తెలిస్తే చాలనుకుంటే ఆట సరిపోతుంది. ప్రోగ్రాం రాయాల్సిన వాళ్లకు మాత్రం టేబుల్ లేకుండా పని జరగదు. ఎందుకంటే బైనరీ సెర్చ్‌లో జనం తప్పులు చేసే చోట్లన్నీ ఆటలో కనపడకుండా పోతయి.

ముందు ఆట సంగతి. ఒకరు 73 అనుకున్నరనుకుందాం. అడిగేవాళ్లు 50 అంటరు, "పైకి" అని జవాబు. 75 అంటే "కిందికి". ఆ తర్వాత 62, 68, 71 మూడింటికీ "పైకి" అనే వస్తుంది. మిగిలినవి 72, 73, 74. నడిమిది 73, దొరికింది. ఆరు ప్రశ్నలు. ఏ నంబరు అనుకున్నా ఏడుకు మించవు: ఒక ప్రశ్నతో ఒక్క నంబరునే ఖాయం చేయగలం, రెండింటితో మూడు, మూడింటితో ఏడు, ఇట్ల ఆరింటితో 63, ఏడింటితో 127 దాకా పోవచ్చు. 100 అనేది 63 దాటింది, 127 లోపే ఉంది. ఒకటి, రెండు, మూడు అని వరుసగా అడుగుతూ పోతే 73 కోసం 73 ప్రశ్నలు పడతయి. ఈ తేడా చేతికి తగిలినట్టు తెలవడానికి ఆటను మించింది లేదు. పది నిమిషాలు చాలు.

ఆడించేటప్పుడు ఒక్క జాగ్రత్త. "పెద్దది", "చిన్నది" అని జవాబు చెప్పించొద్దు. నువ్వు చెప్పిన నంబరు పెద్దదా, నేను అనుకున్నది పెద్దదా అని సగంమంది తికమక పడతరు. "పైకి పో", "కిందికి రా" అంటే ఆ గొడవ ఉండదు. ఇదే తికమక తర్వాత కోడ్‌లో < గుర్తు తిరగేసి రాయడంగా బయటపడుతుంది.

ఇక ఆట దాచిపెట్టే సంగతులు. ఆటలో స్థానం, విలువ రెండూ ఒక్కటే: 50వ చోట ఉండేది 50 అనే నంబరే. అసలు జాబితాలో అట్ల ఉండదు. 6వ చోట ఏముందో తెరిచి చూడాల్సిందే. రెండోది, ఆటలో అనుకున్న నంబరు ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది. వెతికేది లేకపోతే ఎట్ల అనే ప్రశ్నే రాదు. మూడోది, 50 కాదని తెలిసినంక మనిషి మళ్లీ 50 అనడు. "50 నుంచి 100 మధ్య" అని నోటితో అన్నా మనసులో 51 నుంచే లెక్కపెట్టుకుంటడు. కంప్యూటర్‌కు ఆ ఇంగితం లేదు. దాని కోసం ఆ +1 మనమే రాయాలి.

అందుకే టేబుల్‌కు అంకెల జాబితా కాకుండా ఊళ్ల పేర్లు తీసుకుంటే మేలు. స్థానం వేరు, విలువ వేరు అని చూడగానే తెలుస్తుంది. అక్షర క్రమంలో పదమూడు ఊళ్లు, లెక్క 0 నుంచి: అచ్చంపేట 0, అలంపూర్ 1, కల్వకుర్తి 2, కొల్లాపూర్ 3, గద్వాల 4, జడ్చర్ల 5, దేవరకొండ 6, నల్లగొండ 7, నాగర్‌కర్నూల్ 8, మహబూబ్‌నగర్ 9, మిర్యాలగూడ 10, వనపర్తి 11, సూర్యాపేట 12.

```python
def vethuku(ooru, kavali):
    lo, hi = 0, len(ooru) - 1
    while lo <= hi:
        mid = (lo + hi) // 2
        if ooru[mid] == kavali:
            return mid
        if ooru[mid] < kavali:
            lo = mid + 1
        else:
            hi = mid - 1
    return -1
```

ఇందులో మిర్యాలగూడను వెతుకుదాం. ఒక్కో అడుగుకు ఒక్కో వరుస.

| అడుగు | lo | hi | mid | అక్కడున్న ఊరు | ఏం చేయాలి |
|---|---|---|---|---|---|
| 1 | 0 | 12 | 6 | దేవరకొండ | ఇంకా ముందుకు, lo = 7 |
| 2 | 7 | 12 | 9 | మహబూబ్‌నగర్ | ఇంకా ముందుకు, lo = 10 |
| 3 | 10 | 12 | 11 | వనపర్తి | వెనక్కి, hi = 10 |
| 4 | 10 | 10 | 10 | మిర్యాలగూడ | దొరికింది |

నాలుగో వరుస దగ్గర ఆగి చూపించాలి. lo, hi రెండూ 10. మిగిలింది ఒక్క ఊరే, దాన్ని ఇంకా తెరవలేదు. while లైన్లో <= బదులు < రాసినోళ్ల ప్రోగ్రాం ఇక్కడే ఆగిపోయి -1 ఇస్తుంది. జాబితాలో మిర్యాలగూడ ఉండంగనే లేదంటుంది. అదే ప్రోగ్రాంలో దేవరకొండ, మహబూబ్‌నగర్ బాగానే దొరుకుతయి కాబట్టి ఒకటి రెండు పేర్లతో పరీక్షించి సరే అనుకునే ప్రమాదం ఎక్కువ. ఆటలో ఈ తప్పు చేయడం కుదరదు. ఒక్క నంబరే మిగిలితే ఎవరైనా దాన్నే చెప్తరు.

ఇప్పుడు జాబితాలో లేని ఊరు, నకిరేకల్. 6లో దేవరకొండ, కాబట్టి lo = 7. 9లో మహబూబ్‌నగర్, hi = 8. 7లో నల్లగొండ, నకిరేకల్ దానికన్నా ముందు రావాలి, hi = 6. lo 7, hi 6: ఎడమ హద్దు కుడి హద్దును దాటిపోయింది, లూప్ ఆగింది, -1. ఆటలో ఇట్లాంటి స్థితి వచ్చిందంటే జవాబులు చెప్పేటోడు ఎక్కడో తప్పు చెప్పాడని అర్థం. ప్రోగ్రాంలో మాత్రం ఇది మామూలు జవాబే. ఆటతోనే ఆపేసిన పాఠంలో return -1 అనే లైన్ ఎందుకుందో చెప్పడానికి ఆధారమే దొరకదు.

+1 సంగతి సూర్యాపేటతో తేలుతుంది. lo = mid + 1 బదులు lo = mid అని రాసి టేబుల్ నింపండి. mid వరుసగా 6, 9, 10, 11 అవుతుంది. అప్పుడు lo 11, hi 12. రెండూ కలిపితే 23, సగం చేసి కింది పూర్ణాంకం తీసుకుంటే 11. lo మళ్లీ 11. తర్వాతి వరుసా అదే, ఆ తర్వాతదీ అదే. స్క్రీన్ మీద ప్రోగ్రాం ఊరికే నిలబడిపోయినట్టు కనిపిస్తుంది తప్ప కారణం తెలవదు. కాగితం మీద ఒకే వరుస రెండుసార్లు వచ్చిందంటే తప్పు దొరికినట్టే. తమాషా ఏమిటంటే, ఇదే తప్పు కోడ్‌తో మిర్యాలగూడను వెతికితే మూడో అడుగులోనే దొరుకుతుంది, సరైన కోడ్‌కన్నా ఒక అడుగు ముందే. ఏ పేరుతో పరీక్షిస్తున్నం అన్నది అంత ముఖ్యం.

జాబితా క్రమంలో ఉండాలన్న షరతు కూడా ఆటలో మాట్లాడకుండానే గడిచిపోతుంది, ఎందుకంటే అంకెలు ఎట్లాగూ వరుసలోనే ఉంటయి. టేబుల్‌తో చూపించాలంటే కోదాడను తెచ్చి జాబితా చివర, 13వ చోట తగిలించండి. అందరూ చేసే పనే అది. వెతికితే 6లో దేవరకొండ, వెనక్కి. 2లో కల్వకుర్తి, ముందుకు. 4లో గద్వాల, వెనక్కి. 3లో కొల్లాపూర్, ముందుకు. lo 4, hi 3, జవాబు -1. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఊరు జాబితాలోనే ఉంది, ప్రోగ్రాం మొదటి అడుగులోనే దానికి వీపు తిప్పింది.

తెలుగు పేర్లతో చేసేటోళ్లకు ఇంకో చిక్కుంది. మహబూబ్‌నగర్ అని టైపు చేసినప్పుడు బ్, న మధ్య కంటికి కనపడని అక్షరం ఒకటి పడొచ్చు, పడకపోవచ్చు. అది జాబితాలో ఉండి, వెతికే పేరులో లేకపోతే == కుదరదు. కోడ్‌లో తప్పేమీ లేకుండానే -1 వస్తుంది. ల్యాబులో పేర్లను కాపీ చేసి అతికించుకోవడమే నయం.

ఇంత చెప్పినా టేబుల్‌కూ దాని లోపాలున్నయి. మొదటి రోజే నేరుగా టేబుల్ ఇస్తే, సగానికి ఎందుకు విరుస్తున్నమో తెలవకుండానే పిల్లలు గడులు నింపుతరు. అంతకన్నా చెడ్డది కళ్లతో మోసం: మిర్యాలగూడ 10లో ఉందని పైనుంచి కనపడుతూనే ఉంటుంది కాబట్టి అటువైపు వెళ్లేలా వరుసలు రాసేస్తరు. నకిరేకల్ వచ్చేసరికి తెల్లమొహం వేస్తరు. దీనికి మందు ఆటలోనే ఉంది. పదమూడు ఊళ్లను చీటీల మీద రాసి, బెంచీ మీద బోర్లించి వరుసగా పెట్టండి. వెనకవైపు 0 నుంచి 12 దాకా నంబర్లు. ఒకరు టేబుల్ నింపాలి, ఇంకొకరు అడిగిన mid చీటీని మాత్రమే తిప్పాలి. వరుసలో lo, hi, mid మూడూ రాయకముందు చీటీ తిప్పొద్దు. ఆటలోని తెలియనితనం, టేబుల్‌లోని లెక్క రెండూ ఒకచోట కలుస్తయి.

టేబుల్‌కు అందని తప్పు కూడా ఒకటుంది. జావా, సీ లాంటి భాషల్లో mid = (lo + hi) / 2 అని రాస్తే, జాబితా మరీ పెద్దదైనప్పుడు lo + hi కూడికే int లో పట్టక మైనస్‌లోకి పోతుంది. జావా సొంత లైబ్రరీలోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండి, 2006లో అందరి దృష్టికీ వచ్చింది. అక్కడ అది బయటపడాలంటే జాబితాలో 107 కోట్లకు పైగా అంశాలుండాలి. టర్బో సీ వాడే ల్యాబుల్లో int రెండు బైట్లే, 32,767 దాటదు. అంటే 16 వేల చిల్లర అంశాలకే దెబ్బ తగలొచ్చు. పదమూడు ఊళ్ల టేబుల్ ఎన్నిసార్లు నింపినా ఇది కనపడదు. lo + (hi - lo) / 2 అని రాసుకుంటే చాలు. పైథాన్‌లో పూర్ణాంకాలకు హద్దు లేదు కాబట్టి పై కోడ్‌కు ఈ భయం లేదు.

గంట పీరియడ్ ఉంటే ఆటకు పది నిమిషాలు, చీటీలతో టేబుల్‌కు మిగతా సమయం ఇవ్వడం నా లెక్క. ఒక్కదానికే టైముంటే చీటీల టేబుల్. ఎవరి కోడ్ అయినా సరిచూడాలంటే నాలుగు టేబుళ్లు వేయించాలి: మొదటి ఊరు అచ్చంపేట, చివరి ఊరు సూర్యాపేట, లేని ఊరు నకిరేకల్, ఆపైన ఒకే ఒక్క ఊరున్న జాబితా. చివరిదాంట్లో lo, hi రెండూ మొదట్నుంచే 0. ఊరు ఉన్నా లేకున్నా టేబుల్‌లో ఒక్క వరుసే రావాలి. ఒక్క వరుసా రాలేదంటే while లైన్ చూడండి, రెండోది వచ్చిందంటే +1, -1 చూడండి.