హార్టా, ట్యులిప్పా? లాటె మీద నురగ పాలతో వేసే డిజైన్లలో ముందు ఏది ట్రై చేయాలి

నన్నడిగితే ముందు హార్టే. రెండిటికీ మొదలు ఒకటే, కప్పు బాగా వంచి పట్టుకుని పాలు కాస్త పైనుంచి సన్నగా పోస్తూ, సగం నిండాక జగ్గు మూతిని కాఫీకి దాదాపు ఆనించి ధార పెంచాలి, అప్పుడే తెలుపు పైకి తేలుతుంది. హార్ట్‌కి ఒకేచోట ఆపకుండా పోస్తూ, నిండేకొద్దీ కప్పు నిటారుగా తెచ్చి, చివర్లో జగ్గు పైకెత్తి సన్న ధారతో మధ్యలోంచి ముందుకి గీస్తే చాలు. నురగ కొంచెం మందమైనా పర్లేదు.

ట్యులిప్‌తో ఆ పప్పులుడకవు. ఒక బొట్టు పోసి ఆపి, వెనకే ఇంకోటి పోస్తూ మొదటిదాన్ని ముందుకి నెట్టాలి, అందుకే పాలు తడి పెయింట్‌లా మెరుస్తూ జారాలి. నురగ గట్టిగా ఉంటే రెండోది ముద్దలా కూర్చుంటుంది, మరీ పల్చనైతే అంచులు చెదిరి రెండూ కలిసిపోతాయి. కప్పు తొందరపడి నిటారుగా చేయొద్దు, బొట్టు బొట్టుకీ కొంచెం చాలు. మధ్యలో ఎక్కువసేపు ఆగితే జగ్గులోనే నురగ విడిపోతుంది.