పొద్దున 190, రాత్రి 30: రెండేళ్ల ఫైబర్ కనెక్షన్ మీద నా గోడు

నల్గొండలో మా ఇంటికి ఈ ఫైబర్ కనెక్షన్ వచ్చి రెండేళ్లు దాటింది. పెట్టించుకున్న కొత్తలో మా వీధిలో నలుగురికి నేనే చెప్పి పెట్టించాను. అప్పుడు చెప్పింది అబద్ధం కాదు, కానీ అప్పుడు మా లైన్ మీద ఉన్న ఇళ్లే తక్కువ. ఇప్పుడు ఆ నలుగురూ ఎదురుపడితే మాట మారుస్తున్నాను. ప్లాన్ 200 ఎంబీపీఎస్. నా డ్యూటీ హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే, సాయంత్రం ఏడున్నర నుంచి పదకొండు వరకు. సరిగ్గా ఆ మూడున్నర గంటలే ఈ నెట్ పడుకుంటుంది. పొద్దున ఆరింటికి చూస్తే మాత్రం పరుగే పరుగు. అప్పుడు నాకేం పని?

కనెక్షన్ ఆఫీసుకు ఫోన్ చేసినా, వాట్సాప్‌లో చెప్పినా లైన్ చూసే తమ్ముడు వచ్చేవాడు, మోడెం ఆపి వేసేవాడు, "ఇప్పుడు చూడుర్రి సార్, మంచిగనే వస్తుంది" అని వెళ్లిపోయేవాడు. అతను వచ్చేది పగలు పదకొండింటికి. ఆ టైంలో ఎవరింట్లోనైనా మంచిగానే వస్తుంది. ఇలా ఐదుసార్లు అయ్యాక ఉత్తరం రాద్దామనుకున్నాను.

మొదటి ఉత్తరం కోపంతో రాసింది. ఫోన్‌లో తీసిన ఎనిమిది స్పీడ్ టెస్టుల స్క్రీన్‌షాట్లు జతచేశాను. రెండు లైన్లలో జవాబొచ్చింది: వైఫై వేగానికి మా బాధ్యత లేదు, గోడల వల్ల తగ్గుతుంది. మండిపోయాను కానీ ఆ మాట నిజమే. నేను టెస్టు చేసింది మోడెం ఉన్న హాలు దాటి వెనక గదిలో, అదీ నిదానంగా నడిచే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద. అక్కడ తగ్గిన వేగం వాళ్ల లైన్‌దో మా గోడదో నేనే తేల్చలేను.

అందుకని ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో మోడెంకు కలిపి చూశాను. పొద్దున ఆరింటికి కూడా 94 దాటలేదు. దొరికారనుకుని రెండో ఉత్తరం రాశాను. అది పంపాక తెలిసింది, తప్పు నా కేబుల్‌దని. పాత డబ్బాలోంచి తీసిన ఆ కేబుల్‌లో ఎనిమిదికి నాలుగు తీగలే ఉన్నాయి. నాలుగు తీగలతో ల్యాన్ 100 మీదే కలుస్తుంది, టెస్టులో 94, 95 దగ్గర ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో 100/100 (Mbps) అని రాసే ఉంది, నేనే చూడలేదు. కొత్త కేబుల్ తెచ్చాక అది 1000/1000 (Mbps) అయింది, పొద్దున టెస్టు 190 చూపించింది. మీ టెస్టు ఎప్పుడూ 94 దగ్గరే కదలకుండా నిలబడితే ఉత్తరం రాయకముందు కేబుల్, ల్యాప్‌టాప్ పోర్టు చూసుకోండి. ఆ రెండో ఉత్తరం సంగతి వాళ్లూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మూడోసారి పది రోజులు ఓపిక పట్టాను. రోజుకు మూడుసార్లు టెస్టు, పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది. కేబుల్ మీదే, fast.com సైట్‌లో. టీవీ, ఫోన్ల వైఫై ఆపేసి. రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాలు వైఫై ఆపితే మా ఇంట్లో ఏం గొడవైందో ఇక్కడ రాయను. పొద్దున 186కి తగ్గలేదు, మధ్యాహ్నం 150, 170 మధ్య ఆడింది, రాత్రి 24 నుంచి 41. ఒక ఆదివారం రాత్రి 17.

నెలవారీ డేటా లిమిట్ దాటి ఉంటుందని ఆఫీసువాళ్లు అన్నారు. లిమిట్ దాటితే పొద్దున కూడా తగ్గాలి కదా? లైన్‌లో సిగ్నల్ బలహీనం అన్నారు. మోడెం పేజీలో Rx Power చూశాను. పొద్దునా రాత్రీ -21 dBm దగ్గరే ఉంది. ఈ అంకె సున్నాకు దగ్గరగా ఉంటే వెలుగు బాగా అందుతున్నట్టు, -27 దాటి కిందికి పోతే కంగారు పడాలి. ఫైబర్ వంగినా, కోతి లాగినా, జాయింట్ చెడినా ఈ అంకె మారుతుంది. మాది మారలేదు.

అసలు గుట్టు బయటపడింది వేరే దగ్గర. స్పీడ్ టెస్ట్ యాప్ తనంతట తాను దగ్గరి సర్వర్ ఎంచుకుంటుంది. మాకు వచ్చేది ఈ ప్రొవైడర్ పెట్టుకున్న సర్వరే. ఒకరోజు రాత్రి 9:10కి దాని మీద 184 వచ్చింది, 9:12కి fast.com మీద 28. ఆ తర్వాత చెన్నై, ముంబై సర్వర్లు చేత్తో ఎంచుకుని చూస్తే 33, 26. fast.com టెస్టు నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి జరుగుతుంది, అంటే డేటా మామూలుగా ప్రొవైడర్ ఇల్లు దాటి బయటి నుంచి రావాలి. మా ఇంటి నుంచి వాళ్ల ఆఫీసు దాకా రోడ్డు ఖాళీగా ఉంది. ఆఫీసు నుంచి బయటికి పోయే దారే రాత్రిపూట ఇరుకైపోతోంది. కనెక్షన్లు పెంచుకుంటూ పోయి బయటి బ్యాండ్‌విడ్త్ కొనలేదన్నమాట. ఒక్క సర్వరే నిదానమైతే తప్పు ఆ సర్వర్‌దని తప్పించుకోవచ్చు. అందుకే మూడు చోట్ల చూశాను, నాలుగు రాత్రులు.

మూడో ఉత్తరంలో కోపం తీసేశాను. ముఖ్యమైన భాగం ఇది:

"నా ప్లాన్ 200 ఎంబీపీఎస్. పది రోజుల టెస్టులు జతచేశాను. అన్నీ ల్యాన్ కేబుల్ మీద, ల్యాప్‌టాప్ లింక్ 1000గా ఉండగా, వేరే ఏ పరికరమూ వాడకుండా తీసినవి. రాత్రి 9 గంటలకు మీ సొంత సర్వర్‌తో 180 పైన, బయటి మూడు సర్వర్లతో 45 లోపే వస్తోంది. Rx Power మారలేదు. కాబట్టి మా ఇంటికి మనిషిని పంపనవసరం లేదు. మీ బయటి లింక్ రాత్రి 7 నుంచి 11 వరకు ఎంత నిండుతోందో చూసి రాతపూర్వకంగా చెప్పగలరు. బిల్లులో '200 వరకు' అని ఉంది. ఆ 'వరకు' కింద కనీసం ఎంత ఇస్తారో కూడా తెలపగలరు."

ఉత్తరం పైన ముందటి ఫిర్యాదుల డాకెట్ నంబర్లు వేశాను. ఇది మర్చిపోవద్దు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదును నేరుగా విచారించదు. ముందు కంపెనీ కంప్లైంట్ సెంటర్, అక్కడ తేలకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారి. అప్పీలుకు ఫీజు లేదు, కానీ డాకెట్ నంబర్ లేకుండా ముందుకు పోదు. మన లైన్‌మన్ తమ్ముడికి వాట్సాప్‌లో చెప్పినవి ఫిర్యాదు కింద లెక్కకు రావు. నా ఐదు ఫిర్యాదుల్లో మూడు అలా పోయాయి.

తొమ్మిదో రోజున ఆఫీసు నుంచి ఫోన్. ఈసారి మేనేజర్. "సార్, లింక్ అప్‌గ్రేడ్ పెండింగ్‌ల ఉంది, ఇంకో రెండు వారాలు ఆగుర్రి." రాసి పంపమన్నాను, పంపలేదు. 'వరకు'కు జవాబు ఇప్పటికీ లేదు. కానీ మూడు వారాల తర్వాత ఒక రాత్రి 138 వచ్చింది, మర్నాడు 145. ఒక నెల బిల్లులో కొంత తగ్గించారు, ఎందుకో రాయలేదు.

ఇప్పుడు రాత్రి 110 నుంచి 150 మధ్య నడుస్తోంది. నా మీటింగులకు అది చాలు. అసలు వాటికి 30 కూడా చాలేది, కానీ ఆ రోజుల్లో 30 కూడా నిలకడగా ఉండేది కాదు, మాట మధ్యలో తెగేది. పగలు మాత్రమే వాడేవాళ్లకు ఈ కనెక్షన్ మీద నా అంత కోపం ఉండకపోవచ్చు. రిపేరుకు మనిషి అదే రోజు వస్తాడు, అది ఇప్పటికీ మెచ్చుకుంటాను. మా వీధిలో ఇంకో ఫైబర్ లైన్ కూడా లేదు, కాబట్టి నా మాటలో సగం గత్యంతరం లేకపోవడమే. కిందటేడు ఏడాదికి ఒకేసారి కట్టాను. ఈసారి మూడు నెలలకే కట్టాను. కొత్త కేబుల్ మోడెం పక్కనే చుట్టి పెట్టాను, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఒకసారి తగిలిస్తాను.