ఎనిమిది నిమిషాల్లో ఎన్ని పదాలు పడతాయి? స్టాప్‌వాచ్ పెట్టుకుని నాలుగేళ్లు చదివాక నా సమీక్ష

ముందు నేను దెబ్బ తిన్న సంగతి చెప్పేస్తాను. నాలుగేళ్ల కిందట ఒక సభలో నాకు 5 నిమిషాలు ఇచ్చారు. 700 పదాల స్క్రిప్ట్ రాసుకుని, ఆన్‌లైన్‌లో దొరికే ఒక కాలిక్యులేటర్‌లో వేసి చూస్తే సరిగ్గా 5 నిమిషాలు అని చూపించింది, నిమిషానికి 140 పదాల లెక్కన. సంబరపడిపోయాను. తీరా స్టేజి ఎక్కి మాట్లాడుతుంటే గంట మోగేసరికి నేను మూడో పేజీ మొదట్లో ఉన్నాను, అసలు చెప్పాలనుకున్నది నాలుగో పేజీలో ఉంది. ఇంటికొచ్చి అదే స్క్రిప్ట్‌ని గొంతెత్తి చదివితే 7 నిమిషాల 36 సెకన్లు పట్టింది.

ఆ 140 ఇంగ్లీషు లెక్క. ఇంగ్లీషు ప్రసంగానికి నిమిషానికి 130 నుంచి 150 పదాలని మామూలుగా అంటూ ఉంటారు, అక్కడ అది నడుస్తుంది. తెలుగులో ఒక్కో పదం పొడుగు. ఇంగ్లీషువాళ్లు నాలుగైదు చిన్న మాటల్లో చెప్పేదాన్ని మనం 'వెళ్లాల్సివచ్చినప్పుడు' అని ఒక్క పదంలో చుట్టేస్తాం, కంప్యూటర్‌కి అది కూడా ఒక పదమే, 'నా' అన్నదీ ఒక పదమే. నేను ఆ రోజు చదివిన వేగం లెక్కేస్తే నిమిషానికి 92 పదాలు వచ్చింది. అప్పట్నుంచీ 92 నా నంబర్. మీది 80 కావచ్చు, 110 కావచ్చు, నా నంబర్ మీకు పనికిరాదు, అందుకే ఇంకొకరి నంబర్ తీసుకోవద్దని ముందే చెబుతున్నాను.

మీ నంబర్ కనుక్కోవడం కష్టమేమీ కాదు కానీ అందులోనే అందరూ పొరపాటు చేస్తారు. నేను మొదట్లో ఒక నిమిషం చదివి పదాలు లెక్కపెట్టేవాడిని. మొదటి నిమిషం హుషారుగా చదువుతాం, ఊపిరి నిండుగా ఉంటుంది, అందుకని నంబర్ ఎక్కువొస్తుంది. ఇప్పుడు కనీసం 3 నిమిషాలు ఆపకుండా చదువుతాను. నిలబడి, సభలో మాట్లాడేంత గొంతుతో. 276 పదాలయ్యాయా, మూడుతో భాగిస్తే 92. మనసులో చదువుకోవడం అసలు లెక్కలోకే రాదు, 8 నిమిషాల స్క్రిప్ట్‌ని కళ్లతో చదివితే నాకు 5 నిమిషాల్లో అయిపోతుంది. పెదాలు కదుపుతూ గొణుక్కోవడం దానికంటే నయమే కానీ అదీ అబద్ధమే చెబుతుంది, ఎందుకంటే గొణిగేటప్పుడు ఊపిరి ఖర్చు కాదు, వాక్యం చివర ఆగాల్సిన పని ఉండదు. చదివేటప్పుడు నాలుక తడబడినా వాచ్ ఆపను. ఒకే చోట రెండుసార్లు తడబడితే ఆ వాక్యం మారుస్తాను, తప్పు నాలుకది కాదు, వాక్యానిది.

ఇక అసలు విషయం. నిమిషానికి ఇన్ని పదాలు అనే లెక్క మొదటి డ్రాఫ్ట్ ఎంత పొడవు రాయాలో తెలుసుకోవడానికే. టైమ్ తేల్చేది మాత్రం గొంతెత్తి చదవడమే. రెండూ ఎంత తేడా వస్తాయో ఈ మధ్య చేసిన ఒక ప్రసంగం చెబుతాను.

స్లాట్ 8 నిమిషాలు, అంటే 480 సెకన్లు. మైకు ముందుకెళ్లి నమస్కారాలు చెప్పడానికి 15, కావాలని మౌనంగా ఉండే రెండు చోట్లకి కలిపి 10, చేతిలో ఉంచుకునేది 15. మొత్తం 40 తీసేస్తే స్క్రిప్ట్‌కి మిగిలేది 440 సెకన్లు. 92 లెక్కన 675 పదాలు పడతాయి. నేను రాసింది 790. కొంచెం ఎక్కువైందని తెలుసు, 8 నిమిషాల 35 సెకన్లు వస్తుందనుకుని చదవడం మొదలుపెట్టాను. 9 నిమిషాల 10 సెకన్లు వచ్చింది. ఆ అదనపు 35 సెకన్లు ఎక్కడివో కాసేపు అర్థం కాలేదు.

అప్పుడు మూడు భాగాల్నీ విడివిడిగా కొలిచాను. మొదటి భాగం ఒక సంఘటన, కథలా చెప్పేది, 260 పదాలు, 2 నిమిషాల 40 సెకన్లు. అది 92 కంటే వేగంగానే పోయింది. మూడోది 280 పదాలు, 3 నిమిషాల 5 సెకన్లు, అక్కడా తేడా లేదు. మధ్యది 250 పదాలే, కానీ 3 నిమిషాల 25 సెకన్లు తాగేసింది. నిమిషానికి 73. కారణం చూస్తే అంకెలు! కాగితం మీద 1,47,350 అని రాస్తే వర్డ్ కౌంట్‌లో ఒక్క పదం. నోటితో చదివితే 'లక్షా నలభై ఏడు వేల మూడు వందల యాభై', ఏడు పదాలు. పైగా అంకె దగ్గర మనిషి తనంతట తానే నెమ్మదిస్తాడు, వినేవాళ్లకి అందాలి కదా. అలాంటివి ఆ భాగంలో తొమ్మిదున్నాయి. శాతాలు, సంవత్సరాలు, పొడి అక్షరాల పేర్లు అన్నీ ఈ బాపతే. ఇప్పుడు నేను అంకెల్ని స్క్రిప్ట్‌లోనే అక్షరాల్లో రాసుకుంటాను, లెక్క నిజం చెబుతుంది, చదవడానికీ హాయి. ఆ రోజైతే సగం అంకెలు పీకేసి 'లక్షన్నరకి దగ్గర' అని సరిపెట్టాను, ఎవరూ 350 ఎక్కడని అడగలేదు.

550 సెకన్లని 440కి తేవాలి, అంటే 110 తీసేయాలి. ఇక్కడ భాగాలవారీ వేగం అక్కరకొచ్చింది. మధ్య భాగంలో 75 పదాలు తీస్తే 60 సెకన్లు దిగాయి, మూడో భాగంలో అదే 75 పదాలు తీస్తే 50 మాత్రమే. చివరికి స్క్రిప్ట్ 640 పదాలకి వచ్చింది, లెక్క చెప్పిన 675కి కాదు. మొదటి లెక్కనే నమ్ముకుని 675 దగ్గర ఆగిపోయుంటే గంట మళ్లీ మోగేది.

వర్డ్ కౌంట్‌తో ఇంకో చిక్కుంది. '(ఇక్కడ ఆగు)', '(స్లైడ్ మార్చు)' లాంటి నోట్స్ కూడా లెక్కలో పడిపోతాయి, నోటితో అనేవి కావు కానీ పదాలే. వాటిని వేరే రంగులో పెట్టి లెక్కలోంచి తీసేయాలి. అలాగే 'చేసుండొచ్చు' అని రాస్తే ఒకటి, 'చేసి ఉండవచ్చు' అని రాస్తే రెండు, పలకడానికి మాత్రం పెద్ద తేడా ఉండదు. అందుకని కొన్ని నెలలు పదాలు మానేసి అక్షరాలు లెక్కపెట్టి చూశాను. పద్యానికి అక్షరాలు లెక్కేసినట్టే. అది పదాల కంటే నిలకడగా ఉంది, నాకు నిమిషానికి 360 అటూ ఇటూ వస్తుంది, కథ భాగమైనా వివరణ అయినా పెద్దగా మారదు. కానీ కంప్యూటర్ చూపించే క్యారెక్టర్ కౌంట్ దీనికి పనికిరాదు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు. చేత్తో లెక్కపెట్టే ఓపిక లేక మళ్లీ పదాలకే వచ్చేశాను. అంత ఓపికే ఉంటే రెండోసారి గొంతెత్తి చదువుకోవచ్చు.

స్టేజి మీద ఏమవుతుందంటే, నేను టెన్షన్‌లో మొదటి రెండు నిమిషాలు పరిగెడతాను, ఇంట్లో 2 నిమిషాల 40 సెకన్లు పట్టిన భాగం అక్కడ 2 నిమిషాల 20కే అయిపోతుంది. తర్వాత జనం నవ్వితే ఆగాలి, హాలు పెద్దదై గొంతు తిరిగి వినిపిస్తుంటే నెమ్మదించాలి, ఆ మిగిలిన 20 సెకన్లు అక్కడే ఖర్చు. కొందరికి దీనికి పూర్తిగా రివర్స్. అందుకే ఇంట్లో చదివినదాన్ని ఒక్కసారైనా ఫోన్‌లో రికార్డ్ చేసి, సభలో మాట్లాడినదాన్ని కూడా రికార్డ్ చేసి పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మూడు నాలుగు ప్రసంగాలు ఇలా చేస్తే మీరు పరిగెత్తే రకమో, సాగదీసే రకమో తేలిపోతుంది.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన చిట్కా వెనక నుంచి కొలవడం. చివరి పేరా ఒక్కటే విడిగా చదివి టైమ్ రాసుకుంటాను. ఆ 8 నిమిషాల ప్రసంగంలో అది 48 సెకన్లు. అంటే గడియారం 7 నిమిషాలు చూపించేసరికి నేను ఎక్కడున్నా సరే, వాక్యం పూర్తి చేసి చివరి పేరాలోకి దూకాలి. స్క్రిప్ట్ మార్జిన్‌లో పెన్సిల్‌తో 2:00, 4:00, 6:00 అని గుర్తులు పెట్టుకుంటాను, 7:00 దగ్గర మాత్రం ఎర్ర గీత. వాచ్ కాగితం పక్కనే బల్ల మీద, చేతికి కాదు. చెయ్యి ఎత్తి చూసుకుంటే జనమూ వాళ్ల వాచీలు చూసుకుంటారు.

ఎవరికి పనికిరాదు అంటే, కాగితం లేకుండా అప్పటికప్పుడు మాట్లాడేవాళ్లకి ఈ పద్ధతి వృథా. ఇద్దరు మాట్లాడుకునే సంభాషణకీ అంతే, ఎదుటివాళ్ల వేగం మీ చేతిలో ఉండదు. స్లైడ్లు చూపిస్తూ బొమ్మలు వివరించేవాళ్లకి సగమే పని చేస్తుంది, బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతామో ఏ పదాల లెక్కా చెప్పదు. రాసుకుని చదివేవాళ్లకి, రికార్డింగులకి మాత్రం నేను అయిదుకి నాలుగున్నర ఇస్తాను.

ఆ మిగతా అర ఎందుకు తగ్గించానంటే, అదే ప్రసంగం మరోచోట చెప్పాల్సి వచ్చినప్పుడు, నా ముందు మాట్లాడినాయన సాగదీయడంతో, అధ్యక్షుడు నా చెవి దగ్గరికొచ్చి "ఏమనుకోకండి, మీరు ఆరు నిమిషాల్లో ముగించేయండి" అన్నాడు. నాకు కంగారు పుట్టలేదు, అవసరమైతే వదిలేయడానికి రెండు పేరాలకి ముందే పెన్సిల్‌తో పెట్టె గీసుకుని ఉన్నాను, ఒకటి 50 సెకన్లు, ఇంకోటి 70, సరిగ్గా 2 నిమిషాలు. రెండూ వదిలేశాను, 5 నిమిషాల 50 సెకన్లకి దిగాను, భలే అనుకున్నాను. కిందకొచ్చాక ఒకావిడ అడిగింది: "ఇందాక చెప్పిన రెండో కారణం అన్నారు కదండీ, ఆ మొదటిదేమిటి?" మొదటి కారణం పెట్టెలో ఉండిపోయింది. ఇప్పుడు పెట్టెలు వదిలేసిన స్క్రిప్ట్‌ని కూడా ఒకసారి గొంతెత్తి చదువుతున్నాను, వాచ్ లేకుండా.