తెలుగు విద్యార్థుల సంఘం స్వాగత పోస్టు: పికప్ నుంచి లీజు దాకా నా అనుభవం

అమెరికాలో నేను ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీలో తెలుగు విద్యార్థుల సంఘం ఏటా వేసవిలో ఒక స్వాగత పోస్టు పెడుతుంది. ఒక ఫొటో, దాని కింద నాలుగైదు వాక్యాలు: ‘కొత్తగా వస్తున్న తెలుగు విద్యార్థులకు స్వాగతం. ఎయిర్‌పోర్ట్ పికప్, కొద్దిరోజుల వసతి, ఇల్లు వెతకడంలో సాయం కావాలంటే ఈ ఫారం నింపండి.’ చివర్లో కమిటీ వాళ్ల ఫోన్ నంబర్లు. 2022లో నేను దాన్ని నమ్ముకునే వెళ్లాను. చదువు ముగిసేదాకా ఆ గ్రూపులోనే ఉన్నాను. 2024లో కావలి నుంచి మా పిన్ని కొడుకు అదే యూనివర్సిటీకి వెళ్లినప్పుడు వాడి ఫారం పక్కన కూర్చుని నింపించాను. ఇప్పుడు నెల్లూరులో మా ఇంటికి వచ్చి అడుగుతున్న పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

పికప్ సేవ నిజంగా బాగుంది. కానీ అది ఎంత బాగా నడుస్తుందనేది మనం ఫారంలో రాసే రెండు వివరాల మీదే ఆధారపడి ఉంటుంది. మొదటిది తేదీ, టైము. తమ్ముడి విమానం ఆగస్టు 9 తెల్లవారుజామున చెన్నైలో బయల్దేరింది. చికాగోలో దిగేది అక్కడి లెక్కలో అదే 9వ తేదీ మధ్యాహ్నం. మన ఇంట్లో అప్పటికి 10వ తేదీ వచ్చేస్తుంది కాబట్టి బాబాయి 10 అని వేయమన్నాడు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది, దాన్ని మార్చకుండా ఉన్నది ఉన్నట్టే రాయాలి. పైగా ఫారం అడిగేది చికాగో టైము కాదు, అక్కణ్ణుంచి కనెక్టింగ్ ఫ్లైట్‌లో మా యూనివర్సిటీ ఊరికి చేరే టైము. ఏటా ఎవరో ఒకరు చికాగో టైమే రాస్తారు. పాపం పికప్‌కి వచ్చినవాళ్లు గంటల ముందే వచ్చి కాచుకుని కూర్చుంటారు.

రెండోది సామాను. ఒక్కొక్కరికీ 23 కిలోల పెట్టెలు రెండు, చేతి బ్యాగు, వీపుకో బ్యాగు ఉంటాయి. మామూలు కారు డిక్కీలో పెద్ద పెట్టెలు రెండు పడితే ఎక్కువ. అందుకే సంఘం వాళ్లు ఒక కారుకి ఒకరినే కేటాయిస్తారు, ఇద్దరు స్నేహితులు కలిసి వస్తుంటే పెద్ద బండి చూస్తారు. పచ్చళ్ల కోసం చివరి నిమిషంలో మరో పెట్టె పెంచితే ఆ సంగతి ఫారంలో మార్చాలి. ఇంకో మాట, ఆవకాయ సంగతి వేరు గానీ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం పెట్టకండి. అక్కడ కస్టమ్స్‌లో మాంసం పదార్థాలు తీసి పారేస్తారు. తినే వస్తువులు ఏవున్నా ఉన్నాయని ముందే చెప్పాలి.

అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది. పెట్టెలు కూడా అక్కడే తీసుకుని మళ్లీ వేయాలి. ఆ రోజు చికాగోలో క్యూ బాగా పెద్దదై తమ్ముడి కనెక్టింగ్ ఫ్లైట్ వెళ్లిపోయింది. తర్వాతి విమానం రాత్రి తొమ్మిదికి. ‘అమ్మాయ్, వాడు యాడున్నాడో చెప్పమ్మా’ అని కావలి నుంచి పిన్ని ఒకటే టెన్షన్. వాడు ఎయిర్‌పోర్ట్ వైఫై పట్టుకుని కొత్త ఫ్లైట్ నంబరు వాట్సాప్‌లో పంపింది డ్రైవర్‌గా వచ్చే అబ్బాయికి కాదు, పికప్‌లు చూసుకునే కోఆర్డినేటర్‌కి. పోస్టులో అలాగే చెయ్యమని ఉంది, అందులో అర్థం ఉంది. మొదట రావాల్సిన అబ్బాయికి మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉంటే కోఆర్డినేటర్ ఆ రాత్రికి వేరే సీనియర్‌ని పెట్టింది. అక్కడ రాత్రి పదిన్నర దాటాక, అంటే మనకు పొద్దున తొమ్మిదిగంటలప్పుడు, కారులో కూర్చున్న ఫొటో వచ్చింది. పిన్ని అప్పుడు కాఫీ తాగింది. పికప్‌కి సంఘం ఛార్జీ తీసుకోదు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఇలా డబ్బుకి పని చేయకూడదు. పెట్రోలు, టోల్ ఖర్చు ఇస్తే చాలంటారు.

కొద్దిరోజుల వసతి గురించి పోస్టులో ఒక్క వాక్యమే ఉంటుంది. అది చాలదు. చెన్నైలో చెకిన్ దగ్గరే అమెరికాలో మొదటి రాత్రి ఉండబోయే అడ్రస్ అడుగుతారు. ‘సీనియర్ వాళ్లింట్లో’ అంటే కుదరదు, అపార్ట్‌మెంట్ నంబరు, జిప్ కోడ్‌తో సహా చెప్పాలి. అందుకని ఇంట్లో ఉంచుకునే సీనియర్ పేరు, పూర్తి అడ్రస్ బయల్దేరేముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి, ఒక కాగితం మీద కూడా రాసి, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంతో పాటు చేతి బ్యాగులో పెట్టుకోండి.

ఈ సేవలో నాకు నిజంగా నచ్చనిది ఒకటుంది. మా యూనివర్సిటీ ఊళ్లో చాలా ఇళ్ల లీజులు జులై 31తో ముగుస్తాయి, కొత్తవి ఆగస్టు మధ్యలో మొదలవుతాయి. మధ్యలో ఉన్న ఆ రెండు వారాలు సీనియర్లే పెట్టెలు సర్దుకుని స్నేహితుల హాళ్లలో పడుకుంటారు. కొత్త పిల్లలు సరిగ్గా అప్పుడే దిగుతారు. వసతి ఇస్తామని పోస్టు చెబుతుంది గానీ ఈ ఇబ్బంది గురించి చెప్పదు. ఐ-20లో రాసిన కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే దేశంలోకి రానిస్తారు కదా అని తొందరపడి టికెట్ తీసుకోకండి. ముందు లీజు మొదలయ్యే తేదీ ఖాయం చేసుకుని దానికి తగ్గట్టు టికెట్ తీసుకోండి.

ఇళ్ల విషయంలో మాత్రం ఈ సంఘానికి నేను ఎంతో రుణపడి ఉన్నాను. మనం అడిగితే ఒక సీనియర్ ఆ ఇంటికి స్వయంగా వెళ్లి వీడియో కాల్‌లో చూపిస్తారు. తమ్ముడి కోసం వెళ్లిన అమ్మాయి వంటగది కుళాయి తిప్పి వేడినీళ్లు ఎంతసేపటికి వస్తున్నాయో చూపించింది. సింకు కింద తలుపు తీసి బొద్దింకల మందు పెట్టిన గుర్తులు చూపించింది. వాషింగ్ మెషీన్ ఇంట్లో లేదు, కింద బేస్‌మెంట్‌లో ఉంది. తర్వాత ఫోన్ పట్టుకుని గుమ్మం నుంచి బస్టాప్ దాకా నడిచింది. యాడ్‌లో ‘క్యాంపస్‌కి దగ్గర’ అని మాత్రమే ఉంది. ఇల్లు ఎవరూ కళ్లారా చూడకుండా, అద్దెకిచ్చేవాళ్లు అడిగారని డిపాజిట్ ముందే పంపొద్దని పోస్టులో రాసిన మాటకి విలువ అక్కడ తెలిసింది. అద్దెల పేరుతో జరిగే మోసాలు చాలావరకు ఆ తొందర మీదే నడుస్తాయి.

లీజు రెండు రకాలు. ఒకటి అందరూ కలిసి సంతకం చేసేది, ఇంకోటి ఎవరి మంచానికి వాళ్లే చేసేది. తమ్ముడు వాళ్లు నలుగురు, నెలకి 1,600 డాలర్ల ఇల్లు, మనిషికి 400. కలిసి సంతకం చేశారు. జనవరిలో ఒకడు వేరే యూనివర్సిటీకి మారిపోయాడు. ఇంటివాళ్లకి రావాల్సింది 1,600 కాబట్టి మిగతా ముగ్గురి మీదా 533 చొప్పున పడింది. సంఘం గ్రూపులో పెడితే జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్‌కి వచ్చిన ఒంగోలు అబ్బాయి దొరికాడు, కానీ ఊరికే వచ్చి చేరితే సరిపోదు. మేనేజ్‌మెంట్ అనుమతితో అతని పేరు లీజులోకి ఎక్కించాకే లెక్క 400కి వచ్చింది. దిగిన రోజే గోడల మరకలు, కార్పెట్, ఫ్రిజ్ లోపల అన్నీ ఫొటోలు తీసి ఆఫీసుకి మెయిల్ చేయమన్న సలహా కూడా వీళ్లదే. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోత పెడతామన్నవాళ్లు ఆ ఫొటోలు చూశాక నాకు మొత్తం వెనక్కి ఇచ్చారు.

ఫోన్ నంబర్ల దగ్గర జాగ్రత్తపడండి. కమిటీ ఏటా మారుతుంది, పాత పోస్టు మాత్రం వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. చదువు ముగించి వేరే రాష్ట్రానికి వెళ్లిపోయినవాళ్లకి ఫోన్ చేసి జవాబు రాలేదని కంగారుపడ్డ అమ్మానాన్నలను చూశాను. పోస్టు మీద ఏ ఏడాదిదో చూడండి. ఫారం నింపాక పేరుతో సహా జవాబు వస్తేనే మీ పికప్ ఖాయమైనట్టు. వారం దాటినా రాకపోతే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి మెయిల్ పెట్టి, ఈ ఏడాది సంఘం బాధ్యులు ఎవరో అడగండి. నమోదైన విద్యార్థి సంఘమైతే ఆ వివరం యూనివర్సిటీ దగ్గర ఉంటుంది.