ఏళ్ల తరబడి వాడిన నా అనువాదక బయో: ఏ వాక్యం పని తెచ్చింది?

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించి బతికే నాలాంటివారి గురించి దూరదేశపు అనువాద ఏజెన్సీకి తెలిసేదంతా బయోలోంచే తెలుస్తుంది. 1999 నుంచి నడుస్తున్న అనువాదకుల సైటు ప్రోజ్ డాట్ కామ్‌లో ఒక పేజీ, దాదాపు అవే మాటలతో నా సొంత సైట్లో మరో పేజీ చాలా ఏళ్లుగా ఉంచాను. నేను సమీక్షిస్తున్నది ఆ సైట్లను కాదు, అక్కడ నేను రాసుకున్న రెండు వందల పదాల పాఠ్యాన్ని.

అందులో అన్నిటికన్నా ఎక్కువ పని తెచ్చిన వాక్యం ఇది: "క్లినికల్ ట్రయల్స్‌కు సంబంధించి రోగుల సమ్మతి పత్రాలు, రోగులు స్వయంగా నింపే ప్రశ్నావళులు, మందుల డైరీలు అనువదిస్తాను." అంతకుముందు ఆ చోట "వైద్యం, ఫార్మా" అని ఉండేది. రెండూ ఒకే రంగం గురించి చెబుతున్నా, చదివేవారికి తేడా చాలా ఉంది. ఏజెన్సీలో ప్రాజెక్టు మేనేజర్ ముందు రంగం ఉండదు, ఒక ఫైలు ఉంటుంది. ఆ ఫైలు పేరే బయోలో కనిపిస్తే మిగతాది చదువుతారు. "వైద్యం" అంటే శస్త్రచికిత్స పరికరం మాన్యువల్ కావచ్చు, ఆస్పత్రి ప్రకటన కావచ్చు, పరిశోధన వ్యాసం కావచ్చు. ఈ మూడింటికీ కావలసిన తెలుగు ఒకటి కాదు. సమ్మతి పత్రానికైతే పెద్దగా చదువుకోని మనిషికి కూడా అర్థమయ్యే తెలుగు కావాలి.

ఆ వాక్యం వెంటనే ఇంకొకటి చేర్చాను: "వెనక్కి అనువాదంపై వచ్చే ప్రశ్నలకు వివరణలు రాయడం నా పనిలో భాగమే." ఈ ముక్క విలువ ఏమిటో ఆ పని జరిగే తీరు తెలిస్తేనే అర్థమవుతుంది. రోగుల ప్రశ్నావళిని సాధారణంగా ఇద్దరు అనువాదకులు విడివిడిగా తెలుగు చేస్తారు. రెండింటినీ కలిపి ఒక పాఠం తయారు చేస్తారు. అసలు ప్రశ్నావళిని చూడని మరో వ్యక్తి ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. రెండు ఇంగ్లీషు పాఠాలకూ తేడా వచ్చిన ప్రతిచోటా అనువాదకులను అడుగుతారు: తెలుగు తప్పా, వెనక్కి చేసినవారు పొరబడ్డారా? ఆ తర్వాత కొందరు రోగుల చేత చదివించి, ప్రతి ప్రశ్నా ఎలా అర్థమైందో వారి మాటల్లోనే చెప్పించుకుంటారు. మొదటి అనువాదం ఇచ్చేసి ఇక జవాబివ్వని అనువాదకులతో మేనేజర్లు పడే అవస్థ అంతా ఇంతా కాదు. అందుకే ఈ వాక్యం వారికి ఊరట. తొలి ఉత్తరంలోనే దీన్ని ప్రస్తావించినవారు నాకు నిలకడగా పని ఇచ్చారు.

ఇక క్లయింట్ల సంగతి. గోప్యతా ఒప్పందాల వల్ల మందుల కంపెనీల పేర్లు రాయలేను, రాయకూడదు. చాలామంది ఈ చోట "ప్రముఖ బహుళజాతి సంస్థలు" అని రాస్తారు. దాని వల్ల చదివేవారికి ఏమీ తెలియదు. నా బయోలో ఇలా ఉంది: "క్లినికల్ పరిశోధన సంస్థలకు పనిచేసే అనువాద ఏజెన్సీలు, ప్రజారోగ్య స్వచ్ఛంద సంస్థలు, పాఠశాల పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్తలు." ఎవరి పేరూ బయటపడలేదు. అయినా నా పని ఎవరి చేతుల్లోకి వెళుతుందో, దాన్ని ఎవరు సరిచూస్తారో చదివినవారు ఊహించగలరు. ప్రజారోగ్య సంస్థ కరపత్రాన్ని ఊళ్లో ఆశా కార్యకర్త చదివి వినిపిస్తుంది కాబట్టి, అది గట్టిగా చదివితే చెవికి ఎలా ఉంటుందో కూడా చూడాలి. అలాంటి పని తెలిసినవారని చెప్పడానికి క్లయింటు రకం చాలు.

అనుభవం గురించి "సుదీర్ఘ" అన్న విశేషణం తీసేసి, పూర్తికాలం పని మొదలుపెట్టిన సంవత్సరం, చదివిన డిగ్రీ రాశాను. ఏజెన్సీలు పాటించే ఐఎస్ఓ 17100 ప్రమాణం 2015లో వచ్చింది. దాని ప్రకారం అనువాదకుల అర్హతకు మూడు దారులున్నాయి: అనువాదంలో డిగ్రీ, లేదా వేరే విషయంలో డిగ్రీతోపాటు రెండేళ్ల పూర్తికాల అనుభవం, లేదా అయిదేళ్ల పూర్తికాల అనుభవం. వీటిలో నాది ఏ దారో చదివిన క్షణంలో తెలిస్తే ఏజెన్సీ నమోదు పత్రాలు త్వరగా ముందుకు కదులుతాయి. విశేషణంతో ఆ గడి నిండదు.

పనితీరు వాక్యాల్లో "సమయపాలన", "అంకితభావం" లాంటి మాటలు ఎప్పుడూ పనిచేయవు. వాటి స్థానంలో అంకెలు పెట్టాను: మామూలు పాఠ్యం రోజుకు రెండు వేల పదాలు, సమ్మతి పత్రాలైతే పదిహేను వందలు, పూర్తయ్యాక మర్నాడు ఒక పఠనం. ఉదాహరణకు ఆరు వేల పదాల సమ్మతి పత్రం వచ్చిందనుకోండి. నాలుగు రోజుల అనువాదం, ఒక రోజు పఠనం. సోమవారం ఉదయం ఫైలు నా దగ్గరుంటే శుక్రవారం సాయంత్రానికి ఇస్తానని నేను చెప్పకముందే మేనేజర్ లెక్క వేసుకుంటారు. ఎవరి సాయంత్రం అన్నది కూడా రాయాలి. జర్మనీలో సాయంత్రం అయిదంటే వేసవిలో మనకు రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. గడువులు భారత కాలమానంలో చెబుతానని ఒక్క ముక్క చేర్చాక ఆ తికమక పోయింది.

తెలుగు ప్రచురణకర్తల కోసం మరో వాక్యం పెట్టుకున్నాను: "యూనికోడ్‌లో ఇస్తాను. పాత ఫాంట్లలోకి మార్చాక ప్రూఫు చదవాలంటే దానికి విడిగా సమయం, రుసుము." అచ్చుపనిలో ఇప్పటికీ అను ఫాంట్లు వాడేవారున్నారు. మార్పిడిలో వత్తులు తారుమారవుతాయి, కొన్నిచోట్ల అక్షరమే ఎగిరిపోతుంది. ఎక్కడ చెడిందో తెలుసుకోవాలంటే సంయుక్తాక్షరాలు, అంకెలు, ఉల్లేఖన చిహ్నాలు ముందు చూడాలి. ఆ శ్రమ ఎవరిదన్న వాదన ఈ వాక్యం పెట్టాక రాలేదు.

ఈ బయోకు పరిమితులూ ఉన్నాయి. ఇది రేటు పెంచదు. పదానికి ఇంత అన్న బేరం ఎప్పటిలాగే ఉత్తరాల్లో సాగుతుంది. తెలుగు ప్రచురణకర్తలైతే బయో చూసి రారు, తెలిసినవారు చెబితే వస్తారు, వచ్చాక ఫాంట్ల వాక్యం మాత్రం చదువుతారు. నేను తీసుకోని పనులు కూడా రాశాను: పేటెంట్లు, కోర్టు దస్తావేజులు, తెలుగు నుంచి ఇంగ్లీషు. దీనివల్ల విచారణలు తగ్గిన మాట నిజమే కానీ, పోయినవి నేను ఎలాగూ వద్దనే పనులు.

అసలైన ఇబ్బంది వేరేచోట వచ్చింది. బయోతోపాటు రెజ్యూమేను వర్డ్ ఫైలుగా అందరికీ తెరిచి ఉంచాను. ఎవరో దాన్ని తీసుకుని, పేరూ వివరాలూ అలాగే ఉంచి ఈమెయిల్ మాత్రం మార్చి ఏజెన్సీలకు పంపారు. నేను చేయని పని గురించి ఒక ఏజెన్సీ నా సైట్లోని చిరునామాకు రాస్తే బయటపడింది. అనువాదరంగంలో ఈ రకం మోసం కొత్తది కాదు. అప్పటినుంచి రెజ్యూమే అడిగినవారికి మాత్రమే, వారి కంపెనీ డొమైన్‌తో ఉన్న ఈమెయిల్‌కు, పీడీఎఫ్‌గా పంపుతున్నాను. పీడీఎఫ్‌ను మార్చలేరని కాదు. అందుకే ప్రతి ప్రతిలో ఏ ఏజెన్సీకి ఏ తేదీన ఇచ్చానో అడుగున ఉంటుంది. బయోలో కూడా నా అసలు ఈమెయిల్ ఒక్కటేనని, వేరే చిరునామా నుంచి నా పేరుతో ఉత్తరం వస్తే సైట్‌లోని ఫారం ద్వారా నన్ను అడగమని రాశాను. ఆ వాక్యం చదివి నిర్ధారించుకోవడానికి రాసిన ఏజెన్సీలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఇప్పుడు నాకు ప్రశ్నావళులు పంపుతోంది.