మ్యాచ్ కట్టా, ముందే వినిపించే శబ్దమా: అమ్మ దగ్గరికి వెళ్లడానికి ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో ఒక రూము. ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు పొద్దున్నే కాఫీని గ్లాసులోంచి డబరాలోకి ఎత్తి పోస్తుంటాడు. మదనపల్లెలో వాళ్లమ్మ కూడా ఆ వేళకే ఒంటరిగా కాఫీ కలుపుకుంటుంది. మా షార్ట్ ఫిలిం మొత్తం ఈ రెండు ఒంటరితనాల గురించే. అందుకే ఈ రెండు సీన్లను కలిపే ఒక్క కట్ మీద మూడు వారాలు పెట్టాం.

మొదట అందరికీ తట్టేదే చేశాం. కొడుకు కాఫీ పోస్తుండగా, ధార గాల్లో ఉన్నప్పుడే కట్. ఇటు అమ్మ చేతిలో అలాంటి స్టీలు గ్లాసు, అలాంటి ధార, ఫ్రేములో అదే చోట. ఇలా రెండు షాట్లలో ఒకేలా ఉన్నదాన్ని కలుపుతూ కోయడాన్నే మ్యాచ్ కట్ అంటారు. మాకు చాలా బాగుందనిపించింది. కథ తెలియని ఆరుగురికి చూపించి, కట్ తర్వాత ఆపి, "ఇప్పుడు ఎక్కడున్నాం? ఈవిడ ఎవరు?" అని అడిగాం. నలుగురు చెప్పింది ఒకటే: "వాళ్లమ్మ బెంగళూరు వచ్చినట్టుంది, వంటింట్లో ఉంది."

తప్పు వాళ్లది కాదు. గ్లాసు అదే, ధార అదే, పని అదే అయితే కన్ను దాన్ని ఒకే చోట సాగుతున్న పనిగా చదువుతుంది. మామూలు కంటిన్యుటీ కట్ నడిచేది కూడా ఆ నమ్మకం మీదే. పైగా అమ్మ క్లోజప్‌ను ఐదు సెకన్లు ఉంచాం. చోటు చెప్పే షాట్ వచ్చేసరికి ప్రేక్షకుడు తప్పు ఇంట్లో స్థిరపడిపోయాడు.

రెండోది శబ్దంతో. మ్యాచ్ తీసేసి, కొడుకు ముఖం మీదే షాట్ ఆపి, అమ్మ పెరట్లోని బావి గిలక కీచుమనే చప్పుడును కట్‌కు ఒక సెకను ముందు, అంటే 24 ఫ్రేముల ముందు మొదలుపెట్టాం. ఎడిటింగ్‌లో దీన్నే జె కట్ అంటారు. ఖర్చు లేదు, మళ్లీ షూటింగ్ అక్కర్లేదు. మారతహళ్లి రూములో గిలక ఉండదు కాబట్టి వేరే చోటికి వెళ్తున్నామని చెవికి ముందే తెలిసిపోతుంది. ఈసారి కొత్తగా చూసినవాళ్లలో ఒక్కరూ తికమక పడలేదు. కానీ ఆ రెండు కాఫీల సంగతి కూడా ఒక్కరూ పట్టుకోలేదు. ఎక్కడికి వెళ్లామో తెలిసింది, ఎందుకు వెళ్లామో తెలియలేదు.

డిజాల్వ్ కూడా పెట్టి చూశాం, వెంటనే తీసేశాం. ఒక బొమ్మ కరిగి ఇంకొకటి వస్తే చూసేవాడు కాలం గడిచిందనుకుంటాడు. మాకు కావలసింది ఒకే పొద్దు.

చివరికి మ్యాచ్ కట్ దగ్గరికే తిరిగి వచ్చాం. ధారను ఉంచి మిగతాదంతా మార్చాం. అమ్మ కాఫీ పోయదు, తులసికోటలో చెంబుతో నీళ్లు పోస్తుంది. కొడుకు మీద తెల్లటి ట్యూబులైటు వెలుతురు, అమ్మ మీద పొద్దుటెండ. కలిసేది ఒక్కటే, పైనుంచి కిందికి పడే ఆ సన్నటి ధార. అది మాత్రం గట్టిగా కలవాలి. కొడుకు షాట్‌లోంచి ఒక ఫ్రేమును ఫోన్లో దాచుకుని మదనపల్లె వెళ్లాం. కెమెరా ఎత్తు, లెన్సు, ధార పడే వైపు దాన్ని చూసే పెట్టుకున్నాం. ఎడిటింగ్‌లో రెండో షాట్‌ను మొదటిదాని మీద వేసి, ఒపాసిటీ సగానికి తగ్గించి చూస్తే ధార కొంచెం కుడికి జరిగి కనిపించింది. 4కె లో తీసి 1080పి టైమ్‌లైన్ మీద పని చేస్తున్నాం కాబట్టి, కొంచెం జూమ్ చేసి జరిపినా బొమ్మ నాణ్యత పోలేదు.

ఇక్కడ శబ్దాన్ని ముందుకు లాగలేదు. ముందే వినిపిస్తే ప్రేక్షకుడు మార్పుకు సిద్ధమైపోతాడు, ధార మారిన క్షణం చప్పబడిపోతుంది. అందుకే హారన్ల రొద కట్ పడిన ఫ్రేములోనే ఆగిపోతుంది, పిచ్చుకల అరుపు అక్కడే మొదలవుతుంది. రెండు సెకన్లలోపే పెరడంతా కనిపించే వైడ్ షాట్ వస్తుంది. మళ్లీ కొత్తవాళ్లకు చూపిస్తే ఊరు మారిందని అందరూ చెప్పారు. ఒకావిడ అయితే, "వాడు కాఫీ తాగే టైముకే ఈమె నీళ్లు పోస్తోంది" అంది. మాకు కావలసిన మాట అదే.

అయినా ఈ సినిమాలో మ్యాచ్ కట్ ఈ ఒక్కచోటే ఉంది. కొడుకు ఆఫీసుకు వెళ్లే చోట, ఇంటికి ఫోన్ చేసే చోట జె కట్లే వాడాం. అక్కడ చోటు మారిందని తెలిస్తే చాలు, రెండు సీన్లను పోల్చి చూడమని అడగడం లేదు. మళ్లీ షూటింగ్‌కు వెళ్లే వీలు లేకపోయి ఉంటే అమ్మ సీనుకూ గిలక చప్పుడే ఉంచేవాళ్లం. ఒకేలా ఉన్న ఆ రెండు గ్లాసుల దగ్గరికి మాత్రం మళ్లీ పోయేవాళ్లం కాదు.