తల ఎడమకా, కుడికా? ఫొటో కటింగ్ యాప్‌తో రెండేళ్ళు

కటౌట్ అంటే గాంధీనగర్ థియేటర్ల ముందు పాలాభిషేకాలు చేసే బొమ్మ అనుకునే ఊరు మా విజయవాడ. నేను చెప్పబోయేది ఆ కటౌట్ గురించి కాదు. ఫొటోలో మనిషిని ఉంచి వెనకాల గోడ, బీరువా, ఆరేసిన బట్టలు అన్నీ తీసేసే ఫోన్ యాప్ గురించి. గవర్నర్‌పేటలో మాది చిన్న షాపు. ఫ్లెక్సులు, ఐడీ కార్డులు, శుభలేఖలు డిజైన్ చేస్తాం. రెండేళ్ళుగా డబ్బు కట్టి ఈ యాప్ వాడుతున్నాను. పేరు రాయడం లేదు. ఎందుకంటే దీనికున్న జబ్బు చాలా యాప్‌లలో చూశాను, ఒక్కదాని మీద వేసి ప్రయోజనం లేదు.

ముందు మంచి మాట చెప్పేస్తాను. జుట్టు అంచులు బాగా తీస్తుంది. ముఖ్యంగా జడలో పూలు ఉన్నప్పుడు ఒక్కో రేకూ నిలబడుతుంది. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సుకి ఇదివరకు గంటసేపు మౌస్ పట్టుకుని చేసే పని అర నిమిషంలో అయిపోతోంది. ఒకేసారి ఫోల్డర్ మొత్తం ఇచ్చే సదుపాయం కూడా ఉంది. నన్ను ముంచింది ఆ సదుపాయమే.

కిందటేడు జూన్‌లో ఒక కాలేజీ ఐడీ కార్డుల పని వచ్చింది. పిల్లలు 64 మంది. ఎండకి తట్టుకోలేక పని త్వరగా ముగిద్దామని నేనూ మా బావమరిదీ చెరో ఫోన్ తీసుకుని చెరో వరసలో ఫొటోలు తీశాం. నావి 37, వాడివి 27. రాత్రి అన్నీ కేబుల్‌తో ఒకే ఫోల్డర్‌లో వేసి, యాప్‌కి ఇచ్చేసి, భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చి, వచ్చిన బొమ్మల్ని సరిగ్గా చూడకుండా టెంప్లేట్‌లోకి ఎక్కించి, ప్రింటుకి పంపేశాను. ఆ తప్పు నాదే. మర్నాడు కార్డులు చూసి కాలేజీ గుమాస్తా గారు అన్నారు: "ఏమండీ, మా పిల్లలు క్లాసులో పడుకుంటారని మీకెలా తెలిసింది?" 27 మంది అడ్డంగా పడుకుని ఉన్నారు. 27 కార్డులు మళ్ళీ వేయాల్సి వచ్చింది.

విచిత్రం ఏమిటంటే, బావమరిది ఫోన్ గ్యాలరీలో ఆ ఫొటోలన్నీ నిటారుగానే ఉన్నాయి. యాప్‌లో ఫొటో ఎంచుకునేటప్పుడు కనపడే చిన్న బొమ్మ కూడా నిటారుగానే ఉంది. కట్ అయ్యాకే పడుకుంటోంది. నా ఫోన్‌వి మాత్రం ఒక్కటీ పడుకోలేదు. సరే అని కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంతో వాడి ఫొటో ఒకటి చూశాను.

```
exiftool -n -Orientation -ImageWidth -ImageHeight IMG_2041.jpg
Orientation   : 6
Image Width   : 4000
Image Height  : 3000
```

నిలువు ఫొటోకి వెడల్పు 4000, ఎత్తు 3000 ఏమిటి? తిరగబడి ఉండాలి కదా. నా ఫోన్ ఫొటోకి అదే కమాండ్ ఇస్తే వెడల్పు 3000, ఎత్తు 4000, ఆ Orientation అన్నచోట 1 అని వచ్చింది. మొత్తం కథ ఈ మూడు అంకెల్లోనే ఉంది.

ఫోన్‌లో కెమెరా సెన్సర్ కదలకుండా బిగించి ఉంటుంది. ఫోన్‌ని మనం నిలువుగా పట్టుకుంటే, సెన్సర్ తన లెక్క ప్రకారం పక్కకి తిరిగి ఉన్నట్టు. అది పిక్సెళ్ళని అడ్డంగానే, 4000 బై 3000గానే అందిస్తుంది. ఇప్పుడు ఫోన్ ముందు రెండు దారులు ఉంటాయి. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ళనీ నిజంగానే తిప్పి నిలువుగా రాయడం ఒకటి. పిక్సెళ్ళని అలాగే వదిలేసి, "చూపించేటప్పుడు కుడివైపుకి 90 డిగ్రీలు తిప్పండి" అని ఫైలుకి ఒక చీటీ అంటించడం రెండోది. ఆ చీటీ ఉండే చోటే ఎగ్జిఫ్. ఫొటో తీసిన తేదీ, షట్టర్ వేగం లాంటివన్నీ ఉండేది కూడా అక్కడే. అందులో Orientation అన్న గడిలో 1 నుంచి 8 వరకు ఒక అంకె ఉంటుంది. 1 అంటే ఉన్నది ఉన్నట్టు చూపించు, 3 అంటే తలకిందులుగా తిప్పు, 6 అంటే కుడికి 90 డిగ్రీలు, 8 అంటే ఎడమకి 90. మిగతా నాలుగూ అద్దంలో బొమ్మలా తిరగేసినవి, మన పనిలో దాదాపు తగలవు.

కొన్ని ఫోన్లలోనే ఎందుకంటే, రెండు దారుల్లో ఏదైనా పట్టవచ్చని ఆండ్రాయిడ్ కెమెరా నియమాలే ఒప్పుకుంటాయి. నా ఫోన్ పిక్సెళ్ళని తిప్పేసి 1 రాస్తుంది. బావమరిది ఫోన్ చీటీ అంటిస్తుంది. రెండూ సరైనవే. గ్యాలరీ చీటీ చదువుతుంది కాబట్టి తేడా మనకి కనపడదు.

యాప్ ఏం చేస్తోందంటే, చీటీ చూడకుండా పిక్సెళ్ళని ఉన్నవి ఉన్నట్టు తీసుకుని, మనిషిని కత్తిరించి, వెనకాల ఖాళీగా ఉండాలి కాబట్టి పీఎన్‌జీగా సేవ్ చేస్తోంది. జేపీజీలో ఖాళీ నేపథ్యం కుదరదు మరి. పీఎన్‌జీలో ఎగ్జిఫ్ పెట్టుకునే గడి 2017లో గానీ రాలేదు, ఇప్పటికీ చాలా ప్రోగ్రాములు దాన్ని పట్టించుకోవు. అంటే చీటీ పాత ఫైలు దగ్గరే ఉండిపోయింది, అడ్డం పిక్సెళ్ళు మాత్రం కొత్త ఫైలులోకి వచ్చాయి. ఇక ఏ గ్యాలరీలో తెరిచినా అడ్డమే.

నమ్మకం కోసం బల్ల మీద మంచినీళ్ళ సీసా పెట్టి బావమరిది ఫోన్‌తో నాలుగు రకాలుగా తీసి చూశాను. ఫోన్ నిటారుగా పట్టుకుంటే, కట్ అయ్యాక సీసా మూత ఎడమవైపుకి పడింది. ఫోన్ పైభాగం ఎడమచేతి వైపు వచ్చేలా అడ్డంగా పట్టుకుంటే సీసా సరిగ్గా నిలబడింది. పైభాగం కుడిచేతి వైపు ఉంటే తలకిందులైంది. ఫోన్‌ని పూర్తిగా తిరగేసి పట్టుకుంటే మూత కుడికి పడింది. వరసగా 6, 1, 3, 8. సందేహం తీరిపోయింది. ఇప్పుడు కొత్త యాప్ ఏది తెచ్చుకున్నా డబ్బు కట్టేముందు ఈ సీసా పరీక్ష పెడుతున్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకి యాప్ అప్‌డేట్ వచ్చింది. కటింగ్‌లో ఈ గొడవ పోయింది. హమ్మయ్య అనుకునేలోపు అదే యాప్‌లో క్రాప్ చేసిన పాస్‌పోర్ట్ ఫొటోలు పడుకోవడం మొదలుపెట్టాయి. ఈసారి తల కుడివైపుకి! ఇంకా తమాషా ఏమిటంటే, ఫోన్‌లో పడుకున్న ఆ ఫొటో మా పాత డిజైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే నిటారుగా ఉంది.

ఆలోచిస్తే ఇది మొదటి జబ్బుకి సరిగ్గా ఎదురుది. క్రాప్ చేసేటప్పుడు యాప్ చీటీ చదివి పిక్సెళ్ళని బుద్ధిగా నిలబెట్టింది. కానీ సేవ్ చేసేటప్పుడు పాత ఎగ్జిఫ్‌ని యథాతథంగా కొత్త జేపీజీకి అంటించింది, ఆ 6తో సహా. అక్కడ 1 రాసి ఉండాల్సింది. గ్యాలరీ పాపం చీటీ నమ్మి, నిలబడ్డవాణ్ణి మళ్ళీ కుడికి పడగొట్టింది. మా పాత సాఫ్ట్‌వేర్ చీటీలు చదవదు, అందుకే దానికి సరిగ్గా కనపడింది.

కాబట్టి వెనక కెమెరాతో నిలువుగా తీసిన ఫొటో అడ్డం తిరిగితే నేను తల ఎటుందో చూస్తాను. ఎడమకి ఉంటే చీటీ పోయింది, కుడికి ఉంటే రెండుసార్లు తిరిగింది. రెండోదైతే పిక్సెళ్ళు బాగానే ఉన్నట్టు, చీటీలో అంకె మారిస్తే చాలు.

```
exiftool -n -Orientation=1 photo.jpg
```

సెల్ఫీ కెమెరా విషయంలో ఎడమ కుడి లెక్క తిరగబడవచ్చు. చాలా ఫోన్లలో ముందు సెన్సర్‌ని రెండోవైపుకి బిగిస్తారు, నిలువు సెల్ఫీకి 6 బదులు 8 పడుతుంది.

మొదటి జబ్బుకి మాత్రం కట్ చేయకముందే మందు వేయాలి. "కట్ అయ్యాక తిప్పుకుంటే పోలేదా?" అని బావమరిది అన్నాడు. తిప్పుకోవచ్చు. కానీ అడ్డంగా ఉన్న మనిషిని కట్ చేసినప్పుడు చెవి అంచో, భుజమో కొరికేయడం ఎక్కువగా చూశాను. అదే ఫొటోని నిలబెట్టి ఇస్తే శుభ్రంగా వచ్చింది. అందుకే ఇప్పుడు ఎవరి ఫోన్ ఫొటోలైనా ముందు నకలు ఫోల్డర్‌లో పెట్టి ఇది నడుపుతాను. ఇది ఇమేజ్‌మ్యాజిక్ కమాండ్, అది కూడా ఉచితమే.

```
magick mogrify -auto-orient *.jpg
```

చీటీలో రాసినట్టు పిక్సెళ్ళని నిజంగా తిప్పి, అంకెని 1 చేస్తుంది. ఉన్న ఫైలు మీదే రాస్తుంది కాబట్టి నకలు తప్పనిసరి.

కంప్యూటర్ లేనివాళ్ళు గ్యాలరీలో రొటేట్ నొక్కి చూస్తారు. చాలా గ్యాలరీలు అప్పుడు కూడా పిక్సెళ్ళని ముట్టుకోకుండా చీటీలో అంకె మాత్రమే మారుస్తాయి, కటింగ్ యాప్‌కి మళ్ళీ అదే అడ్డం ఫొటో అందుతుంది. రొటేట్ బదులు అంచున వెంట్రుకవాసి క్రాప్ చేసి సేవ్ చేస్తే మా ఫోన్లలో పనిచేసింది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపుకున్నా నిలబడుతుంది, ఎందుకంటే అది ఫొటోని తిప్పి కొత్తగా రాసి ఎగ్జిఫ్ తీసేస్తుంది. కస్టమర్లు మామూలుగా పంపినవి బాగుండి, "క్వాలిటీ పోకూడదు అన్నా" అంటూ డాక్యుమెంట్‌గా పంపినవే పడుకునేవి. కారణం ఇదేనని ఆలస్యంగా తెలిసింది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు చీటీతో సహా ఉన్నదున్నట్టు వస్తుంది. అయితే మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది. ఐడీ కార్డుకి పర్వాలేదు, ఎనిమిదడుగుల ఫ్లెక్సుకి పనికిరాదు.

యాప్ తప్పు కానిది ఒకటుంది. సర్టిఫికెట్టో చీరో నేల మీద పరిచి, ఫోన్‌ని దాని మీదికి వంచి తీస్తే గ్యాలరీలోనే అడ్డంగా వస్తుంది. ఫోన్ బల్లపరుపుగా ఉన్నప్పుడు ఎటు నిలువో ఎటు అడ్డమో దాని వంపుని పసిగట్టే సెన్సర్‌కి తెలీదు, తోచిన అంకె రాసేస్తుంది. ఫోన్‌ని ఒకసారి నిటారుగా పట్టుకుని, తర్వాత నెమ్మదిగా వంచి తీస్తే చాలావరకు సరిగ్గా వస్తోంది.

ఐదు చుక్కలకి మూడున్నర ఇస్తాను. అంచులకి నాలుగున్నర ఇవ్వవచ్చు. క్రాప్ సంగతి రెండుసార్లు రాసి పంపాను, 6 ఉన్న ఫొటో జతచేసి మరీ. "మీ ఫోన్‌ని అప్‌డేట్ చేయండి" అని జవాబిచ్చారు. బావమరిది అప్‌డేట్ చేశాడు. నిన్న ఒక పెళ్ళికొడుకు పాస్‌పోర్ట్ ఫొటో క్రాప్ చేస్తే తల కుడికే ఉంది.